పాయింట్ల పట్టిక ఫోటో పోయింది, ఆదివారం సెమీస్. నెట్ రన్ రేట్ మళ్లీ ఎలా కట్టాలి?

స్కోరర్_శీను

మా ఊళ్లో పన్నెండు ఓవర్ల టెన్నిస్ బాల్ టోర్నమెంట్. స్కోరు రాసేది నేను. పాయింట్ల పట్టిక మాత్రం ఇంకో కుర్రాడు తన ఫోన్‌లో కట్టి, దాన్ని ఫోటోగా వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఆ ఫోన్ కాలవలో పడిపోయింది. గ్రూపులో మెసేజ్‌లు ఏడు రోజులకి వాటంతటవే పోయేలా పెట్టారు కాబట్టి ఫోటో కూడా లేదు. వానల వల్ల సెమీస్ రెండు వారాలు వాయిదా పడి, ఇప్పుడు ఈ ఆదివారం ఆడాలి.

మా గ్రూపులో నాలుగు జట్లు. కాలేజీ, స్టేషన్ రోడ్డు, చెరువు గట్టు మూడింటికీ నాలుగేసి పాయింట్లు. రైస్ మిల్లు జట్టుకి సున్నా. రెండు జట్లే సెమీస్‌కి వెళ్తాయి. కరపత్రంలో "పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్" అని ఒక్క ముక్క ఉంది, అంతే.

స్టేషన్ రోడ్డు వాళ్లు "టాప్ మాదే, 0.97 ఉండేది" అంటున్నారు. నాకూ అలాగే గుర్తు. కాలేజీది 0.44 అని కూడా గుర్తుంది. చెరువు గట్టుది గుర్తు లేదు. స్కోరు బుక్ నా దగ్గర భద్రంగా ఉంది. మ్యాచ్‌కి ఎన్ని పరుగులు, ఎన్ని ఓవర్లు అని టైప్ చేసుకుంటూ పోతే మళ్లీ అదే పట్టిక వస్తుందా?

మబ్బుల_మధు

గూగుల్ ఫోటోస్‌లో బిన్ చూశారా? డిలీట్ అయిన ఫోటోలు కొన్నాళ్లు అక్కడే ఉంటాయి. గ్రూపులో ఇంకెవరి గ్యాలరీలోనైనా సేవ్ అయి ఉంటుంది, ఒక్కొక్కరినీ అడగండి.

స్కోరర్_శీను

అడిగానండీ. నలభై ఇద్దరిలో ఒక్కరి దగ్గరా లేదు. ఫోటో వస్తుందన్న ఆశ వదిలేశాను. లెక్క తెలిస్తే చాలు.

తెనాలి_లెక్కల_మాస్టారు

ఫోటో లేకపోతేనేం, స్కోరు బుక్ ఉందిగా. అసలు సాక్ష్యం అదే. ఆరు మ్యాచ్‌లూ ఇక్కడ రాయండి. ప్రతి ఇన్నింగ్స్‌కీ పరుగులు, వికెట్లు, ఓవర్లు మూడూ కావాలి. వికెట్లు వదిలేయొద్దు, గొడవ అక్కడే ఉంటుంది.

రాజోలు_స్పిన్నర్

ఇందులో పెద్ద లెక్కేం లేదు శీనూ. ఒక్కో మ్యాచ్‌కి మన రన్ రేట్‌లోంచి వాళ్ల రన్ రేట్ తీసెయ్. మూడు మ్యాచ్‌లవీ కలిపి మూడుతో భాగించు. మేం ఐదేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఒక్కడూ అడగలేదు.

స్కోరర్_శీను

బుక్ చూసి రాస్తున్నాను.

1. కాలేజీ 98/6 (12), స్టేషన్ రోడ్డు 84 ఆలౌట్ (10.4)
2. చెరువు గట్టు 91/7 (12), రైస్ మిల్లు 61/8 (12)
3. స్టేషన్ రోడ్డు 110/5 (12), చెరువు గట్టు 101/9 (12)
4. రైస్ మిల్లు 66 ఆలౌట్ (9.5), కాలేజీ 67/2 (7.3)
5. కాలేజీ 88/9 (12), చెరువు గట్టు 89/6 (11.4)
6. రైస్ మిల్లు 79/7 (12), స్టేషన్ రోడ్డు 80/3 (9.1)

వరంగల్_పేసర్

కాలేజీ స్టేషన్ రోడ్డుని కొట్టింది, స్టేషన్ రోడ్డు చెరువు గట్టుని కొట్టింది, చెరువు గట్టు కాలేజీని కొట్టింది. చక్రంలా తిరిగి వచ్చింది. ఎవరు ఎవరిని ఓడించారని చూసి తేల్చేద్దామన్నా కుదరదు.

తెనాలి_లెక్కల_మాస్టారు

అందుకే నెట్ రన్ రేట్ తప్ప దారి లేదు.

రాజోలు గారూ, మీరు చెప్పిన పద్ధతిలో చాలాసార్లు జట్ల వరుస సరిగ్గానే వస్తుంది. ఎవరూ అడగకపోవడానికి కారణం అదే. కానీ అంకె తప్పు. మ్యాచ్‌కి ఒక రేటు కట్టి సగటు తీయకూడదు. టోర్నమెంట్ మొత్తంలో కొట్టిన పరుగులన్నీ ఒక కుప్ప, ఆడిన ఓవర్లన్నీ ఇంకో కుప్ప. ఆ కుప్పల మీద ఒక్కసారే భాగించాలి. ఇచ్చిన పరుగులకీ, వేసిన ఓవర్లకీ అంతే. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే నెట్ రన్ రేట్.

తేడా ఎందుకు వస్తుందంటే, నాలుగో మ్యాచ్‌లో కాలేజీ ఆడింది 45 బంతులే. సగటు తీస్తే ఆ 45 బంతులకీ మిగతా మ్యాచ్‌ల 72 బంతులకీ ఒకే బరువు ఇచ్చినట్టు. మీ పద్ధతిలో కాలేజీకి 1.435 వస్తుంది. అసలైన లెక్కలో 1.331.

రాజోలు_స్పిన్నర్

ఒక్క నిమిషం. కాలేజీకి 1.331 ఏమిటి? శీను 0.44 అన్నాడుగా?

తెనాలి_లెక్కల_మాస్టారు

అదే చెప్పబోతున్నాను. శీను గారూ, నా అంకె నమ్మొద్దు. మీరే కట్టండి. కట్టే ముందు మీ పద్ధతిని జవాబు తెలిసిన పట్టిక మీద పరీక్షించుకోండి. 2023 ఆసియా కప్ బి గ్రూపు ఇందుకు బాగుంటుంది, మూడే మ్యాచ్‌లు.

పల్లెకెలెలో బంగ్లాదేశ్ 164 ఆలౌట్ (42.4), శ్రీలంక 165/5 (39). లాహోర్‌లో బంగ్లాదేశ్ 334/5 (50), ఆఫ్ఘనిస్తాన్ 245 ఆలౌట్ (44.3). మళ్లీ లాహోర్‌లోనే శ్రీలంక 291/8 (50), ఆఫ్ఘనిస్తాన్ 289 ఆలౌట్ (37.4).

అప్పటి పట్టికలో శ్రీలంక +0.594, బంగ్లాదేశ్ +0.373, ఆఫ్ఘనిస్తాన్ -0.910. మీకూ ఈ మూడు అంకెలే రావాలి.

స్కోరర్_శీను

శ్రీలంక దగ్గరే ఆగిపోయాను మాస్టారూ. కొట్టినవి 456, ఆడినవి 89 ఓవర్లు, 5.124. ఇచ్చినవి 453, వేసినవి 42.4, 37.4 కలిపి 80 ఓవర్ల పైచిలుకు. భాగిస్తే 5.64 వస్తోంది. శ్రీలంక మైనస్‌లోకి పోయింది! రెండు మ్యాచ్‌లూ గెలిచిన జట్టుకి మైనస్ ఏంటి?

తెనాలి_లెక్కల_మాస్టారు

దొరికింది. ఆలౌట్ అయిన జట్టుకి అది ఆడిన ఓవర్లు వేయకూడదు. దాని కోటా మొత్తం వేయాలి. బంగ్లాదేశ్ 42.4 ఓవర్లకే కుప్పకూలినా పట్టికలో 50 రాయాలి. ఆఫ్ఘనిస్తాన్ 37.4 కూడా 50 అవుతుంది. అప్పుడు శ్రీలంక ఇచ్చినవి 100 ఓవర్లలో 453, అంటే 4.53. 5.124లోంచి 4.53 తీసేయండి.

స్కోరర్_శీను

0.594. సరిపోయింది! బంగ్లాదేశ్ 100 ఓవర్లలో 498, ఇచ్చినవి 89 ఓవర్లలో 410. 0.373 వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్ 5.34లోంచి 6.25 తీస్తే -0.910. మూడూ కలిశాయి.

పద్మ_గుంటూరు

ఆలౌట్ అయితే కోటా మొత్తం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. లేకపోతే పది ఓవర్లలో గుడ్డిగా ఊపేసి 84కి ఆలౌట్ అయిన జట్టుకి, నిలబడి పన్నెండు ఓవర్లూ ఆడి 84 చేసిన జట్టు కన్నా మంచి రేటు వస్తుంది. వికెట్లు పారేసుకున్నందుకు బహుమతి ఇచ్చినట్టు అవుతుంది.

వరంగల్_పేసర్

ఆ లాహోర్ మ్యాచ్ రాత్రి నిద్రపోలేదు నేను. 292ని 37.1 ఓవర్లలో కొడితే ఆఫ్ఘనిస్తాన్ సూపర్ ఫోర్‌కి. రషీద్ ఖాన్ 37వ ఓవర్లో మూడు ఫోర్లు కొట్టి 289కి తెచ్చాడు. తర్వాతి బంతికి ముజీబ్ అవుట్. అంతా అయిపోయిందనుకుని ఫారూఖీ రెండు బంతులు ఊరికే ఆపాడు, ఆ తర్వాత ఎల్బీ. కానీ నిజానికి అయిపోలేదు. 37.4లోగా ఒక్క సిక్స్ పడి 295 అయి ఉంటే శ్రీలంక ఇంటికి వెళ్లేది. ఆ సంగతి తమకి ఎవరూ చెప్పలేదని వాళ్ల కోచ్ ట్రాట్ మ్యాచ్ తర్వాత అన్నాడు.

మబ్బుల_మధు

292 చాలు కదా గెలవడానికి, 295 ఎలా అవుతుంది?

వరంగల్_పేసర్

స్కోరు 289 మీద సిక్స్ పడితే 295. గెలుపు పరుగు దాటినా ఆ బౌండరీ మొత్తం లెక్కలోకి వస్తుంది. బంతులు ఒకటి రెండు ఎక్కువైనా ఆ పరుగులు నష్టం పూడుస్తాయి. 2014 ఐపీఎల్‌లో వాంఖడేలో ముంబై ఇలాగే గట్టెక్కింది. రాజస్థాన్ మీద 190ని 14.3 ఓవర్లలో కొట్టాలి. సరిగ్గా 14.3కి 189 దగ్గర మన రాయుడు రనౌట్. స్టేడియం అంతా చల్లబడిపోయింది. తర్వాతి బంతికి బౌండరీ వస్తే ఇంకా చాన్స్ ఉందని తేలింది. తారే సిక్స్ కొట్టాడు, 195.

డల్లాస్_బాబాయ్

ఇక్కడ మా లీగ్‌లో పోయినేడు ఇదే ఆలౌట్ పేచీ, వానతో కలిసి వచ్చింది. ఇరవై ఓవర్ల మ్యాచ్‌ని టాస్‌కి ముందే పద్నాలుగుకి కుదించారు. ఒక జట్టు పదకొండో ఓవర్లో ఆలౌట్. పట్టిక కట్టే అబ్బాయి కోటా అంటే 20 అని వేసేశాడు. ఆ రోజు కోటా 14 కదా! పాపం ఆ జట్టు అడుగుకి పోయింది. శీను, నీ మ్యాచ్‌ల్లో ఏదైనా కుదించారా?

స్కోరర్_శీను

లేదు బాబాయ్, లీగ్ మ్యాచ్‌లన్నీ పూర్తిగా పన్నెండు ఓవర్లే. వాన తర్వాతే మొదలైంది.

రాజోలు_స్పిన్నర్

మరి మధ్యలో వాన పడి టార్గెట్ మారిస్తే? మొదటి జట్టు ఇరవై ఆడింది, రెండోది పన్నెండే ఆడింది అనుకోండి.

డల్లాస్_బాబాయ్

దానికీ పద్ధతి ఉంది. మొదటి జట్టు 20 ఓవర్లలో 150 కొట్టింది, వాన పడి రెండో జట్టుకి 12 ఓవర్లలో 104 టార్గెట్ ఇచ్చారనుకో. పట్టికలో మొదటి జట్టుకి 150 రాయరు. టార్గెట్‌కి ఒకటి తక్కువ, అంటే 103 పరుగులు, 12 ఓవర్లు రాస్తారు. ఫలితం తేలకుండా రద్దయిన మ్యాచ్‌ని అసలు కలపరు.

తెనాలి_లెక్కల_మాస్టారు

శీను గారికి ఆ బాధ లేదు కాబట్టి ముందుకి వెళ్దాం. ఇప్పుడు మీ ఆరు మ్యాచ్‌లూ కట్టండి. ఆలౌట్ ఉన్నచోట 12.

పద్మ_గుంటూరు

మాస్టారూ, ఒక అనుమానం. ఆసియా కప్ పరీక్షలో శీను గారు పాసయ్యారు కానీ అందులో ఓవర్లన్నీ చివరికి 50, 39 అని పూర్తి ఓవర్లే అయ్యాయి. బంతులతో విరిగిన ఓవర్ ఒక్కటీ మిగల్లేదు. ఆయన 7.3ని 7.3 అనే భాగిస్తే ఆ తప్పు ఈ పరీక్షలో పట్టుబడదు కదా?

తెనాలి_లెక్కల_మాస్టారు

చాలా మంచి మాట అన్నావమ్మా. నాకు తట్టలేదు.

శీను గారూ, 7.3 అంటే ఏడు ఓవర్ల మూడు బంతులు, అంటే ఏడున్నర ఓవర్లు. కాలిక్యులేటర్‌కి అది తెలియదు, ఏడు పాయింట్ మూడనుకుంటుంది. అన్నీ బంతుల్లోకి మార్చేసుకోండి. 7.3 అంటే 45, 9.1 అంటే 55, 11.4 అంటే 70, పన్నెండు ఓవర్లంటే 72. చివర్లో పరుగుల్ని ఆరుతో గుణించి బంతులతో భాగిస్తే రేటు వచ్చేస్తుంది.

మబ్బుల_మధు

షీట్‌లో టైప్ చేస్తుంటే చేత్తో మార్చక్కర్లేదు. ఓవర్లు C2 గడిలో ఉంటే పక్క గడిలో ఇది పెట్టండి:

```
=INT(C2)*6+ROUND((C2-INT(C2))*10,0)
```

7.3 కొడితే 45 రావాలి. రాకపోతే గడి మార్చి చూడండి. ఆలౌట్ ఉన్న వరుసల్లో మాత్రం C2లో 10.4 బదులు 12 అని మీరే కొట్టాలి. వికెట్లు ఎన్నో దీనికి తెలియదు.

స్కోరర్_శీను

కట్టాను. మూడుసార్లు చూశాను.

కాలేజీ: కొట్టినవి 253, 189 బంతులు. ఇచ్చినవి 239, 214 బంతులు. 8.032లోంచి 6.701 తీస్తే +1.331.

చెరువు గట్టు: కొట్టినవి 281, 214 బంతులు. ఇచ్చినవి 259, 216 బంతులు. +0.684.

స్టేషన్ రోడ్డు: కొట్టినవి 274, 199 బంతులు. ఇచ్చినవి 278, 216 బంతులు. +0.539.

రైస్ మిల్లు: కొట్టినవి 206, 216 బంతులు. ఇచ్చినవి 238, 172 బంతులు. -2.580.

టాప్ అనుకున్న స్టేషన్ రోడ్డు మూడో స్థానంలో ఉంది. బయటికి పోయిందనుకున్న కాలేజీ టాప్‌లో ఉంది. ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. కాలేజీ వాళ్లకి మీరు అవుట్ అని చెప్పేశాం. వాళ్ల కెప్టెన్ హైదరాబాద్‌కి టికెట్ కూడా తీసుకున్నాడు.

రాజోలు_స్పిన్నర్

నాలుగు జట్ల నెట్ రన్ రేట్లూ కలిపితే సున్నా రావాలి. ఒకడి ప్లస్ ఇంకొకడి మైనస్ కదా. నేను కలిపి చూశా, -0.026 వచ్చింది. ఎక్కడో తప్పుంది.

తెనాలి_లెక్కల_మాస్టారు

సున్నా రానక్కర్లేదు. ఒక్కో జట్టు ఆడిన బంతులు వేరు, వేసిన బంతులు వేరు. భాగించాక కలిపితే సరిగ్గా రద్దు కావు.

కానీ మీ ఆలోచన వేరేచోట పనికొస్తుంది. భాగించక ముందు కలపండి. నాలుగు జట్లు కొట్టిన పరుగులు 253, 281, 274, 206 కలిపితే 1014. ఇచ్చినవి 239, 259, 278, 238 కలిపినా 1014. బంతులు రెండు వైపులా 818. ఒకడు కొట్టింది ఇంకొకడు ఇచ్చిందే కాబట్టి ఇవి కచ్చితంగా కలవాలి. కలిశాయి. ఒక వైపు మార్చి రెండో వైపు మర్చిపోయిన అంకె లేదన్నమాట.

రాజోలు_స్పిన్నర్

ఇది బాగుంది. మా పట్టికకి రేపే వేసి చూస్తా.

స్కోరర్_శీను

మాస్టారూ, మరి ఆ 0.97 ఎక్కడిది? నేను కళ్లారా చూశాను.

తెనాలి_లెక్కల_మాస్టారు

అరగంట నుంచి అదే వెతుకుతున్నాను. కనిపెట్టాను.

స్టేషన్ రోడ్డు ఆడిన ఓవర్లని ఆ అబ్బాయి ఎలా కలిపి ఉంటాడో ఒక్కో దారీ వేసి చూశాను. ఆలౌట్ సంగతి తెలియకుండా బంతులు మాత్రం సరిగ్గా లెక్కపెడితే 0.885 వస్తుంది. అది కాదు. ఆలౌట్‌కి 12 వేసి, 9.1ని మాత్రం దశాంశంలా తీసుకుంటే 0.556. అదీ కాదు. రెండు తప్పులూ కలిపి చేస్తే, అంటే 10.4, 12, 9.1 కలిపి 31.5 ఓవర్లు అనుకుంటే, 274ని దాంతో భాగిస్తే 8.698. అందులోంచి 7.722 పోతే 0.976.

అదే లెక్క కాలేజీకి వేస్తే ఆడినవి 12, 7.3, 12 కలిపి 31.3. వేసినవి 10.4, 9.5, 11.4 కలిపి మళ్లీ 31.3. 0.447 వచ్చింది. మీకు గుర్తున్న 0.97, 0.44 రెండూ ఒకే దారిలో దొరికాయి. పోయిన ఫోటోలో పట్టిక మొదటి నుంచీ తప్పు. పోవడమే మంచిదైంది.

పద్మ_గుంటూరు

కాలేజీ రెండు జట్లని ఆలౌట్ చేసింది. ఆ రెండుసార్లూ దానికి రావాల్సిన లాభం ఫోటోలో పోయింది. బాగా బౌలింగ్ చేసిన జట్టుకే దెబ్బ పడింది. టార్గెట్ ఛేజ్ చేసి గెలిచిన జట్టుకి మాత్రం ఆడిన బంతులే లెక్క కదా? చెరువు గట్టు 11.4కే గెలిచింది.

తెనాలి_లెక్కల_మాస్టారు

అవును, అక్కడ 70 బంతులే. ఆలౌట్ అయితేనే కోటా మొత్తం.

స్టేషన్_రోడ్డు_లెఫ్టీ

ఈ లింకు మా కుర్రాళ్లు పంపితే వచ్చాను. ఆ రోజు 84 కొట్టిన జట్టులో నేనూ ఉన్నాను. శీను అన్నా, నువ్వు "84 ఆలౌట్" అని రాశావు. అది తప్పు. మేం ఆలౌట్ కాలేదు. మావాడికి మడమ మెలిక పడి మధ్యలో బయటికి వెళ్లిపోయాడు. బుక్‌లో 84/9 అని ఉంటుంది, చూడు. తొమ్మిది వికెట్లే పడ్డాయి. ఆలౌట్ కానప్పుడు పన్నెండు ఓవర్లు ఎందుకు వేస్తారు? మేం ఆడింది 10.4, అదే వెయ్యాలి.

స్కోరర్_శీను

బుక్ తీశాను. తమ్ముడు చెప్పింది నిజం. 84/9, ఒక పేరు పక్కన "గాయం" అని నా రాతే ఉంది. ఇన్నింగ్స్ అయిపోయింది కాబట్టి ఇక్కడ ఆలౌట్ అని రాసేశాను. నాదే పొరపాటు.

వరంగల్_పేసర్

తొమ్మిదా పదా అని కాదు, ఆడటానికి ఇంకో బ్యాట్స్‌మన్ మిగిలాడా లేదా అన్నదే ప్రశ్న. 2020 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్ట్‌లో ఇండియా స్కోరు ఎంత? 36/9. షమీ చేతికి దెబ్బ తగిలి వెళ్లిపోయాడు, ఇన్నింగ్స్ అక్కడితో ముగిసింది. ఇంకో వికెట్ ఉంది కదా అని ఎవరూ ఆడించలేదు.

స్టేషన్_రోడ్డు_లెఫ్టీ

అది టెస్ట్ మ్యాచ్. అక్కడ రన్ రేట్ గొడవే లేదు. మా కరపత్రంలో ఆలౌట్ అన్న మాటే లేదు, గాయం అన్న మాట అసలే లేదు. టోర్నమెంట్ మధ్యలో రూల్ తెచ్చి మమ్మల్ని బయటికి పంపిస్తే ఎలా?

తెనాలి_లెక్కల_మాస్టారు

లెఫ్టీ తమ్ముడి బాధ నాకు అర్థమైంది. వాళ్ల మాట ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా కట్టి చూశాను, అప్పుడే అందరికీ తెలుస్తుంది. ఆ ఇన్నింగ్స్‌కి 72 బదులు 64 బంతులు వేస్తే స్టేషన్ రోడ్డుకి +0.885. కాలేజీ +1.071కి తగ్గుతుంది. చెరువు గట్టు +0.684, అలాగే ఉంటుంది.

అంటే కాలేజీ ఎలా చూసినా సెమీస్‌లో ఉంది. శీను గారు ఆ కెప్టెన్‌కి ఇప్పుడే ఫోన్ చేయాలి. స్టేషన్ రోడ్డా, చెరువు గట్టా అన్నది మాత్రం ఈ ఒక్క ఇన్నింగ్స్‌లోని ఎనిమిది బంతుల మీద ఉంది.

నా అభిప్రాయం అడిగితే 72 వేయాలి. పది ఓవర్ల నాలుగు బంతులకి వాళ్ల ఇన్నింగ్స్ ముగియడానికి కారణం ఓవర్లు అయిపోవడం కాదు, టార్గెట్ అందుకోవడమూ కాదు. ఆడేవాళ్లు లేకపోవడం. కోటా మొత్తం వేసేది సరిగ్గా ఆ పరిస్థితికే.

డల్లాస్_బాబాయ్

నేను మాస్టారితో పూర్తిగా ఏకీభవించలేను. పెద్ద టోర్నమెంట్‌లో అయితే సరే, రూల్ ముందే చేతిలో ఉంటుంది. ఇక్కడ కరపత్రంలో లేనిదాన్ని ఫలితాలు వచ్చాక చేరుస్తున్నారు. ఆలౌట్‌కి కోటా అన్నది అందరూ ఒప్పుకునే ఆనవాయితీ, దాన్ని వేయండి. గాయం సంగతి మాత్రం కమిటీ, ముగ్గురు కెప్టెన్లు కూర్చుని తేల్చాలి. కుర్రాడికి నిజంగా దెబ్బ తగిలింది కదా.

పద్మ_గుంటూరు

దెబ్బ తగిలినందుకు జాలి ఉంది బాబాయ్ గారూ. కానీ చెరువు గట్టు వాళ్ల తరఫున ఇక్కడ ఒక్కరూ లేరు. వాళ్లు స్టేషన్ రోడ్డు మీద 101/9తో చివరి బంతి దాకా నిలబడ్డారు. ఆ పదో వికెట్ కూడా పడకుండా కాపాడుకున్నారు. ఆ కష్టానికీ లెక్క ఉండాలి కదా.

స్టేషన్_రోడ్డు_లెఫ్టీ

సరే, కూర్చుందాం. నేను వస్తాను. కానీ బుక్ ముందు పెట్టాలి. మా చివరి వికెట్ 10.5కి పడిందని మావాళ్లు అంటున్నారు, 10.4 కాదట. అది కూడా చూడాలి.

తెనాలి_లెక్కల_మాస్టారు

72 వేస్తే 10.4 అయినా 10.5 అయినా ఒకటే. 64 వేయాలంటేనే ఆ బంతి కావాలి. 10.5 అయితే 65 అవుతుంది, మీ రేటు కొద్దిగా తగ్గుతుంది. అప్పటికీ మీరు చెరువు గట్టు కన్నా పైనే ఉంటారు.

స్కోరర్_శీను

కాలేజీ కెప్టెన్‌కి ఫోన్ చేశాను. టికెట్ క్యాన్సిల్ చేస్తున్నాడు. మిగతా ఇద్దరు కెప్టెన్లనీ, కమిటీ పెద్దాయన్నీ రేపు సాయంత్రం ఆరింటికి గ్రౌండ్ దగ్గరికి రమ్మన్నాను. స్కోరు బుక్ తెస్తాను. ఆరు మ్యాచ్‌ల పరుగులు, వికెట్లు, బంతులు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఎవరికి వాళ్లే కలుపుకోవచ్చు.

మబ్బుల_మధు

అట్ట రాశాక ఫోటో తీసి నలుగురికి విడివిడిగా పంపండి. గ్రూపులో ఒక్కచోటే పెట్టకండి.